వరసలో ఉన్న జాబితా దగ్గరే క్విక్‌సార్ట్ ఎందుకు చతికిలపడుతుంది?

ప్రశ్న: సార్, విజయవాడలో బీటెక్ రెండో ఏడాది చదువుతున్నాను. ల్యాబ్‌లో పైథాన్‌లో క్విక్‌సార్ట్ రాశాను, చివరి అంకెనే పివట్‌గా పెట్టాను. కలగాపులగంగా ఉన్న లక్ష అంకెలు ఇస్తే చకచకా అయిపోతోంది. ముందే వరసలో ఉన్న 2,000 అంకెలు ఇస్తే మాత్రం `RecursionError` వస్తోంది. పని తక్కువున్న చోటే ఎందుకిలా? పివట్‌ను ర్యాండమ్‌గా తీసుకోమని మా ల్యాబ్ సార్ అన్నారు. డేటా అదే అయినప్పుడు పివట్ మారిస్తే ఏం ఒరుగుతుంది?

జవాబు:

క్విక్‌సార్ట్ ఒక అంకెను పివట్‌గా తీసుకుని, దానికన్నా చిన్నవి ఒకపక్కకీ పెద్దవి ఇంకోపక్కకీ విడదీసి, ఒక్కో ముక్క మీదా మళ్లీ అదే పని చేస్తుంది. వరసలో ఉన్న జాబితాలో చివరి అంకె అంటే అన్నిటికన్నా పెద్దది. దాన్ని పివట్‌గా పెడితే జాబితా రెండు ముక్కలు కాదు. ఆ ఒక్క అంకె ఊడి పక్కకొస్తుంది, మిగతాదంతా ఒకే ముద్దగా మిగిలిపోతుంది. తర్వాతి అడుగులోనూ అంతే. 2,000 అంకెలుంటే ఇంచుమించు 2,000 మెట్లు లోపలికి దిగాలి. పైథాన్ మామూలుగా 1,000 మెట్ల దగ్గరే ఆపేస్తుంది, మీకు కనబడే ఎర్రర్ అదే. ర్యాండమ్ పివట్ మీ డేటాను ముట్టుకోదు. డేటా ఏ వరసలో ఉందన్నదానికీ ఏ పివట్ దొరుకుతుందన్నదానికీ మధ్య ఉన్న లంకెను తెంపుతుంది. ఒరిగేది అదే, అది చిన్న సంగతి కాదు.

నేను ఈ దెబ్బ తిన్నది గుంటూరు మిర్చి యార్డులో. ఒక కమీషన్ దుకాణానికి విజువల్ బేసిక్ 6లో లెక్కల ప్రోగ్రామ్ రాసిచ్చాను. నాలుగు సీజన్ల లాట్లు కలిపి 30,000 దాకా ఉండేవి. బిల్లు మొత్తం ప్రకారం పేర్చడానికి ఒక బటన్ పెట్టి, దాని వెనక నా చేత్తో రాసుకున్న క్విక్‌సార్ట్ ఉంచాను. పొద్దున గుమస్తా గారు నొక్కితే రెప్పపాటులో పేర్చేసింది. భోంచేసొచ్చి మళ్లీ నొక్కారు. `Run-time error '28': Out of stack space` అని వచ్చి ప్రోగ్రామ్ పడిపోయింది. ఫోన్ చేసి, "ఏమండీ, మొదటిసారి నొక్కితే పన్జేస్తది, రెండోసారి నొక్కితే చస్తది, ఇదేం యంత్రమండీ" అన్నారు. మెమరీ ఎక్కడో కారుతోందని రెండు రోజులు వెతికాను. అసలు జవాబు ఆయన మాటలోనే ఉంది: రెండోసారి. మొదటిసారి నొక్కినప్పుడు జాబితా చిందరవందరగా ఉంది. రెండోసారికి నేనే దాన్ని వరసలో పెట్టేశాను, పెట్టినదాన్నే మళ్లీ నా ఫంక్షన్‌కి ఇచ్చాను.

ఇప్పుడు పార్టిషన్‌లో, అంటే పివట్‌కి అటూ ఇటూ విడదీసే చోట, ఏం జరుగుతుందో చేత్తో చేసి చూద్దాం. మీరు రాసింది దాదాపు ఇలాగే ఉండి ఉంటుంది. దీన్ని లోముటో పద్ధతి అంటారు.

```python
def partition(a, lo, hi):
    p = a[hi]
    i = lo
    for j in range(lo, hi):
        if a[j] < p:
            a[i], a[j] = a[j], a[i]
            i += 1
    a[i], a[hi] = a[hi], a[i]
    return i
```

`j` అనేది చూసుకుంటూ పోయే వేలు. `i` అనేది గట్టు. గట్టుకి ఎడమన ఉన్నవన్నీ పివట్ కన్నా చిన్నవి. వేలు కింద చిన్నది తగిలితే దాన్ని గట్టు దగ్గరికి తెచ్చి, గట్టును ఒక అడుగు కుడికి జరుపుతాం. అంతే.

ఏడు లాట్లు, వాటి టిక్కీల, అంటే బస్తాల లెక్క ఇలా ఉందనుకోండి: 42, 15, 60, 28, 73, 9, 35. పివట్ 35. వేలు 42 దగ్గర ఊరుకుంటుంది. 15 చిన్నది, ముందుకొస్తుంది: 15, 42, 60, 28, 73, 9. తర్వాత 60 దాటేసి 28ని తెస్తుంది: 15, 28, 60, 42, 73, 9. 73 దాటేసి 9ని తెస్తుంది: 15, 28, 9, 42, 73, 60. చివరికి 35ని గట్టు దగ్గర పెడతాం: 15, 28, 9, 35, 73, 60, 42. ఆరు పోలికలయ్యాయి. 35 తన అసలు చోటుకి చేరింది, ఇక దాన్ని ఎవరూ కదపరు. ఎడమన మూడు, కుడిన మూడు. ఎడమ ముక్కకి మూడు పోలికలు, కుడి ముక్కకి మూడు (కాగితం మీద చేసి చూడండి). మొత్తం 12.

ఇప్పుడు అవే ఏడు అంకెలు వరసలో ఇవ్వండి: 9, 15, 28, 35, 42, 60, 73. పివట్ 73. వేలు కింద పడ్డ ప్రతిదీ చిన్నదే. ప్రతిదాన్నీ "ముందుకు" తెస్తాం, కానీ గట్టూ వేలూ ఒకేచోట ఉన్నాయి కనుక ప్రతి అంకే తనతో తానే చోటు మార్చుకుంటుంది. ఆరు పోలికల తర్వాత ఎడమన ఆరు, కుడిన సున్నా. తర్వాత పివట్ 60, ఐదు పోలికలు. తర్వాత 42, నాలుగు. 6+5+4+3+2+1, మొత్తం 21. ఏడు అంకెలకి ఇంతకన్నా ఎక్కువ పోలికలు చేయించడం ఎవరి తరమూ కాదు.

పోలిక ఎప్పుడు వృథా అవుతుందో ఇక్కడే పట్టుకోవాలి. మొదటి ఉదాహరణలో 35తో పోల్చాక, 15కీ 73కీ మధ్య ఇక జన్మలో పోలిక అవసరం లేదు. ఒకటి గట్టుకి ఇవతల, ఇంకోటి అవతల. ఒక్క పివట్ దెబ్బకి ఎడమ మూడూ కుడి మూడూ కలిసి తొమ్మిది జతల పోలికలు ఆదా అయ్యాయి. క్విక్‌సార్ట్ వేగమంతా ఈ మిగులులోనే ఉంది. వరసలో ఉన్న జాబితాలో కుడిన ఎవరూ లేరు కనుక ఒక్క జతా మిగలదు. ప్రతి అంకెనీ మిగతా ప్రతి అంకెతోనూ పోల్చాల్సి వస్తుంది. "వరసలో ఉంటే పని తక్కువ" అని మీరన్నది మన కంటికి నిజం. కానీ ఈ కోడ్ పక్కపక్క అంకెల్ని చూసి "ఇవి వరసలోనే ఉన్నాయే" అని గమనించదు. దానికి తెలిసిందల్లా పివట్‌కి ఇవతలా అవతలా అన్నది. (పైథాన్ సొంత `sorted` అలా గమనిస్తుంది, అది వేరే పద్ధతి.)

ఏడుకి 12, 21 అంటే తేడా పెద్దగా అనిపించదు. లక్ష దగ్గర చూడండి. వరసలో ఉంటే n(n−1)/2, అంటే దాదాపు 500 కోట్ల పోలికలు. కలగాపులగంగా ఉంటే సగటున 20 లక్షలు. 2,500 రెట్ల తేడా. ఒక సెకను పట్టే పని నలభై నిమిషాలు పడుతుంది. నా 30,000 లాట్లకైతే ఐదు లక్షల చిల్లర బదులు 45 కోట్లు.

కొందరు పిల్లలు `sys.setrecursionlimit` పెంచి గట్టెక్కామనుకుంటారు. పెంచితే మెట్ల పరిమితి పెరుగుతుంది, పోలికలు ఒక్కటీ తగ్గవు. ఎర్రర్ పోయి దాని చోట ఎదురుచూపు వస్తుంది. నన్నడిగితే ఎర్రరే నయం, కనీసం తప్పుందని చెబుతుంది.

తలకిందుల వరస ఇచ్చినా ఇదే గతి. మొదట చివర ఉన్నది అన్నిటికన్నా చిన్నది. దాన్ని తెచ్చి ముందు పెట్టినప్పుడు అన్నిటికన్నా పెద్దది చివరికి పోతుంది. మరుసటి అడుగులో ఆ పెద్దదే పివట్. ఒకసారి చిన్నది, ఒకసారి పెద్దది, ఇలా అంచులనే గిల్లుకుంటూ పోతుంది.

ఇక ర్యాండమ్ సంగతి. మార్చాల్సింది రెండు లైన్లే. ఫైలు పైన `import random` పెట్టి, `partition` మొదట్లో ఇవి చేర్చండి:

```python
k = random.randint(lo, hi)
a[k], a[hi] = a[hi], a[k]
```

మిగతాదంతా అలాగే ఉంచండి. ముక్కలోంచి ఒక చీటీ తీసి, ఆ అంకెను చివర కూర్చోబెట్టాం, అంతే. ఒక హెచ్చరిక: `randint(0, hi)` అని రాసినవాళ్లను చాలామందిని చూశాను. అప్పుడు చీటీ వేరే ముక్కలోంచి రావచ్చు. అప్పటికే చోటు కుదిరిన అంకెను లాక్కొచ్చేస్తుంది, జాబితా తప్పుగా పేర్చబడుతుంది. అదీ ప్రతిసారీ కాదు, ఒక్కోసారి. పట్టుకోవడం నరకం.

మీ అసలు సందేహానికి వద్దాం. ఇంతకుముందు "ఈ జాబితా చెడ్డది" అన్నాం కదా, నిజానికి ఆ చెడు జాబితాలో లేదు. జాబితాకీ మీ ఎంపిక నియమానికీ కుదిరిన జోడీలో ఉంది. చివరిదే పివట్ అన్నది మారని నియమం కనుక, ఆ నియమానికి సరిగ్గా పడని జాబితా ఒకటి ఎక్కడో ఉంటుంది. మన ఖర్మకి అది రోజూ కనబడేదే: వరసలో ఉన్న ఫైలు. చీటీ తీయడం మొదలుపెట్టాక ఫలానా జాబితా చెడ్డది అనడానికి లేదు. ఫలానాసారి చీటీలు బాగా పడలేదు అనాలి. వరస జాబితాకీ, తలకిందుల జాబితాకీ, చిందరవందర జాబితాకీ సగటు పోలికలు ఒక్కటే. అంకెలన్నీ వేర్వేరుగా ఉన్నంతవరకు ఇది నిజం. లేనప్పటి సంగతి చివర్లో చెబుతాను.

చీటీలు అన్నీ చెడ్డవే పడితే? పడవచ్చు. ఏడు అంకెలకి ప్రతిసారీ అంచు అంకే రావాలంటే 2/7 × 2/6 × 2/5 × 2/4 × 2/3, అంటే సుమారు 79లో ఒకసారి. ల్యాబ్‌లో కూర్చుని చూస్తే తప్పక తగులుతుంది, కంగారు పడకండి. ఏడు అంకెల దగ్గర అది నష్టమూ కాదు. 20 అంకెలకి అదే లెక్క వేస్తే నాలుగు లక్షల కోట్లసార్లలో ఒకసారి కూడా రాదు. లక్ష అంకెల దగ్గర ఆ మాట ఎత్తక్కర్లేదు.

పూర్తిగా చెడ్డవి పడకపోయినా ఓ మోస్తరు చెడ్డవి పడవచ్చు కదా అంటారేమో. ముక్కలోని అంకెల్ని మనసులో వరసగా పేర్చి నాలుగు పాళ్లు చేయండి. పివట్ మధ్య రెండు పాళ్లలో ఎక్కడ పడినా, మిగిలే పెద్ద ముక్క ముప్పాతిక మించదు. అలా పడే అవకాశం సగానికి సగం, బొమ్మా బొరుసూ లాగే. లక్షను ముప్పాతిక చేసుకుంటూ పోతే 40సార్లకి ఒకటి దగ్గరికి వస్తుంది. రెండింటికి ఒకటి మంచిదనుకుంటే 80 మెట్లు. ఒక్కో మెట్టులో అన్ని ముక్కలూ కలిపినా లక్షకి మించి పోలికలు ఉండవు కనుక, ఎంత ఉదారంగా లెక్కేసినా 80 లక్షలు. అసలు సగటు 20 లక్షలే, ఎందుకంటే మంచి చీటీ ముప్పాతిక దగ్గర ఆగకుండా చాలాసార్లు సగానికి దగ్గరగా కోస్తుంది. మధ్యలో సరిగ్గా కోయనక్కర్లేదు, పదేపదే అంచుల్లో కోయకుండా ఉంటే చాలు.

"అయితే మధ్యలో ఉన్న అంకెను పివట్‌గా తీసుకుంటే సరిపోదా, చీటీలెందుకు?" అని మా దగ్గర పనిచేసే కుర్రాడు అడిగాడు. వరస ఫైళ్లకి సరిపోతుంది, అక్కడ అది సరిగ్గా సగానికి కోస్తుంది. మొదటిది, మధ్యది, చివరిది చూసి వాటిలో నడిమిదాన్ని తీసుకునే పద్ధతీ మంచిదే, చాలా లైబ్రరీలు వాడాయి. కానీ అవీ మారని నియమాలే. మారని నియమానికి సరిపడని జాబితాను కావాలని తయారు చేయవచ్చు. కంప్యూటర్ శాస్త్రవేత్త డగ్లస్ మెక్ఇల్‌రాయ్ 1999లో ఆ పని యంత్రం చేతే చేయించే పద్ధతి చూపించారు. కోడింగ్ పోటీల్లో ఎదుటివాడి ప్రోగ్రామ్‌ను పడగొట్టడానికి ఇలాంటి ఇన్‌పుట్లు తయారుచేసేవాళ్లు ఉన్నారు. అందుకే అక్కడ చీటీలు తీసినా, వాటి వరసను నిర్ణయించే మొదటి సంఖ్య, అంటే సీడ్, ఎప్పుడూ ఒకటే పెడితే లాభం లేదు, అదీ మారని నియమమే అవుతుంది. ఒక్క కమీషన్ దుకాణంలో ఆడే ప్రోగ్రామ్‌కి ఆ భయం అక్కర్లేదు.

ఇంకో ముచ్చట. ర్యాండమ్ పివట్ తర్వాతెప్పుడో అతికించిన మరమ్మతు అనుకుంటారు చాలామంది. క్విక్‌సార్ట్ కనిపెట్టిన టోనీ హోర్ 1961లో అచ్చువేసిన పార్టిషన్‌లోనే పివట్‌ను `random(M, N)` అని తీశారు. పాఠం సులువు కావాలని మనమే తర్వాత "చివరిదే పివట్" అని దింపేసుకున్నాం. తరగతి గదిలో తీసేసిన లైనే మీకు ల్యాబ్‌లో, నాకు యార్డులో గుచ్చుకుంది.

లోతు విషయంలో నాకు ఒక అలవాటుంది. చీటీలు బాగా పడతాయని తెలిసినా, చిన్న ముక్కకే రికర్షన్ పిలిచి పెద్ద ముక్కను లూప్‌లో నడుపుతాను:

```python
def qsort(a, lo, hi):
    while lo < hi:
        m = partition(a, lo, hi)
        if m - lo < hi - m:
            qsort(a, lo, m - 1)
            lo = m + 1
        else:
            qsort(a, m + 1, hi)
            hi = m - 1
```

లోపలికి దిగే ప్రతిసారీ ముక్క సగం కన్నా చిన్నదే కనుక, లక్ష అంకెలకి 17 మెట్లు దాటదు, పివట్ ఎంత చెడ్డదైనా సరే. జాగ్రత్త, ఇది స్టాక్‌ను కాపాడుతుంది, సమయాన్ని కాదు. చివరిదే పివట్‌గా ఉంచి ఇది ఒక్కటే చేస్తే ఎర్రర్ రాదు, 500 కోట్ల పోలికలు మాత్రం నిక్షేపంగా జరుగుతాయి.

ర్యాండమ్ పివట్ కాపాడలేని చోటు ఒకటుంది: ఒకే విలువ పదేపదే వచ్చే జాబితా. ఇదీ యార్డులోనే నేర్చుకున్నాను. చీటీలు పెట్టి బిల్లు బటన్ బాగుచేశాక ధీమాగా ఉన్నాను. గుమస్తా గారు ఈసారి రకం ప్రకారం పేర్చే బటన్ నొక్కారు. తేజ, 334, బాడిగ, తాలు ఇలా కలిపి రకాలు ఆరే, లాట్లు 30,000. అప్పటికింకా ఆ లూప్ అలవాటు నాకు లేదు, మళ్లీ అదే ఎర్రర్.

ఎందుకో చూడండి. పై కోడ్‌లో `a[j] < p` అని ఉంది. పివట్ తేజ అయితే మిగతా తేజలన్నీ చిన్నవి కావు కనుక కుడికే పోతాయి. కాసేపటికి ఒక ముక్కలో 5,000 తేజలు తప్ప ఏమీ ఉండవు. అందులోంచి ఏ చీటీ తీసినా వచ్చేది తేజే. ఎడమన సున్నా, కుడిన 4,999. వరస జాబితా కథే మళ్లీ. రకానికి 5,000 చొప్పున వేసుకుంటే ఆరు ముక్కల్లో ఒక్కోదానికి కోటీ పాతిక లక్షలు, మొత్తం ఏడున్నర కోట్ల పోలికలు, 5,000 మెట్ల లోతు. `<` బదులు `<=` పెడితే అన్నీ ఎడమకి పోతాయి, గుంపు దిక్కు మారుతుంది తప్ప విడిపోదు.

దీనికి మందు మూడు గుంపులు చేయడం: చిన్నవి, సమానమైనవి, పెద్దవి. సమానమైనవన్నీ ఒక్కసారే మధ్యలో కుదురుకుంటాయి, వాటిలోకి మళ్లీ దిగనక్కర్లేదు. ఆరు రకాలే ఉంటే ప్రతి పివట్ ఒక రకం మొత్తాన్ని ఊడ్చేస్తుంది. మూడు గుంపుల కోడ్ రాయలేక తంటాలు పడితే హోర్ పద్ధతి పార్టిషన్ చూడండి. రెండు చివరల నుంచీ లోపలికి వస్తూ సమానమైన విలువ దగ్గర కూడా ఆగి చోటు మార్చుకుంటుంది కాబట్టి, అన్నీ ఒకేలా ఉన్న ముక్కను దాదాపు సగానికి కోస్తుంది.

మీ కోడ్ ఎటువైపు ఉందో తెలుసుకోవడానికి గడియారం చూడకండి, పోలికలు లెక్కపెట్టండి. `if a[j] < p` పైన ఒక కౌంటర్ పెట్టి, 400 అంకెల వరస జాబితా ఇవ్వండి, తర్వాత 800. చివరి అంకె పివట్‌గా ఉంటే 79,800, 3,19,600 అని కచ్చితంగా వస్తాయి. జాబితా రెట్టింపైతే పని నాలుగు రెట్లు. చీటీ పెట్టాక నాలుగైదుసార్లు నడిపి చూడండి, 3,700, 8,400 అటూఇటూ వస్తాయి. రెండు రెట్ల కన్నా కొంచెం ఎక్కువ, అలాగే ఉండాలి. తర్వాత అదే 800 చోట్లలో 5 అనే ఒక్క అంకె నింపి ఇవ్వండి. చీటీ పెట్టిన కోడే మళ్లీ 3,19,600 చూపిస్తే, మూడు గుంపులు ఇంకా రాయలేదని అర్థం.